అందరికీ 5 రేటింగ్: ఎక్కడ తేడా కొట్టింది, ఎలా సరిచేయాలి

సమస్య

హైక్ లెటర్లు వచ్చిన వారంలోనే టీమ్‌లో బాగా పనిచేసే మనిషి రాజీనామా పెట్టేస్తారు. మాదాపూర్‌లో మేనేజర్‌గా ఉన్నప్పుడు నాకు సరిగ్గా ఇదే జరిగింది. పన్నెండు మంది టీమ్. ఏడాది పనికి ఐదింట ఇచ్చే రేటింగులో పదిమందికి 5, ఇద్దరికి 4 ఇచ్చి, ఈసారి గొడవల్లేవని హాయిగా ఉన్నాను. సర్వర్ పడిపోయిన ప్రతిసారీ అర్ధరాత్రి లేచి కూర్చున్న అమ్మాయి, కింద టీ కొట్టు దగ్గర ఫోన్‌లో లెటర్ చూపించింది. "నాకూ 9.6 శాతమే, రాత్రి హాయిగా పడుకున్నవాడికీ 9.6 శాతమే. మరి నేనెందుకు సార్ నిద్ర మానుకున్నది?"

ఆమె అడిగినదానికి నా దగ్గర జవాబు లేదు.

కారణం

బడ్జెట్ సగటున 9 శాతం. జీతాలు దాదాపు ఒకటే కాబట్టి పన్నెండు మందికి కలిపి 108 పాయింట్లు అనుకోండి. 4 వచ్చిన ఇద్దరికి ఆరేసి పోతే మిగిలిన 96ని పదిమందీ పంచుకోవాలి. అంటే తలా 9.6. రేటింగ్ పెంచినంత మాత్రాన డబ్బు పెరగదు కదా!

మరి అన్ని 5లు ఎందుకిచ్చాను? మంచితనం అనుకునేవాణ్ణి. అసలు సంగతి, ఏడాది పొడుగునా ఒక్క ముక్క రాసిపెట్టుకోలేదు. 3 ఇస్తే ఎందుకని అడుగుతారు, చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. పైగా పక్క టీమ్‌లోనూ అందరికీ 5లే, మనవాళ్లెందుకు నష్టపోవాలి అన్న లెక్క ఒకటి.

మీ దగ్గరా ఇదే జరుగుతోందేమో చూడాలంటే, పేర్లు, రేటింగులు చేత్తో మూసి కామెంట్లు మాత్రమే చదవండి. ఏది ఎవరిదో పోల్చుకోలేకపోతే జబ్బు ఉన్నట్టే.

పరిష్కారం

రేటింగుల సైకిల్ మధ్యలో ఉన్నట్టుండి రేటింగులు కోసేయకండి. కొత్త సైకిల్ మొదట్లోనే ఏ అంకెకు ఏమిటి అర్థమో కాగితం మీద పెట్టండి. మేం రాసుకున్నది ఇది: చెప్పిన పని టైముకి, ఇంకొకరు సరిదిద్దే అవసరం లేకుండా చేస్తే 3. పక్కవాళ్ల పని కూడా ముందుకు కదిలిస్తే 4. మిగతా టీములు కూడా వాడుకునే మార్పు తెస్తే 5. 3 అంటే ఫెయిల్ కాదని మొదటిరోజే చెప్పాలి.

తర్వాత నెలకు ఒక్కొక్కరి గురించి రెండు లైన్లు, తేదీతో.

అసలు మందు మాత్రం కాలిబ్రేషన్ మీటింగే. రేటింగులు ఎవరికీ చెప్పకముందే, ముగ్గురు నలుగురు మేనేజర్లు కూర్చుని ప్రతి 5కీ రెండు సంఘటనలు అడగాలి. మా మొదటి మీటింగ్‌లో నా 5లు సగం అక్కడే రాలిపోయాయి. చివరికి 5లు రెండు, 4లు మూడు, 3లు ఆరు, 2 ఒకటి మిగిలాయి. హైకులు వరుసగా 15, 11, 7, 3 శాతం. మొత్తం మళ్లీ అదే 108.

ఈ అంకెల్ని కోటాగా మార్చేయకండి. ప్రతి టీమ్‌లో ఇంతమందికి తక్కువ ఇవ్వాల్సిందే అన్న పద్ధతిని మైక్రోసాఫ్ట్ 2013లోనే వదిలేసింది. పన్నెండు మందిలో నిజంగా నలుగురు 5కి తగినవాళ్లు ఉండొచ్చు. సంఘటనలు చూపిస్తే ఇవ్వండి.

రేటింగ్ తగ్గబోయేవాళ్లకు ఆ మాట లెటర్‌లో కాదు, ఆర్నెల్ల ముందే తెలియాలి. 5 నుంచి 3కి రాబోతున్న ఒకాయనతో అలాగే కూర్చున్నాను. కాసేపు ముఖం ముడుచుకున్నాడు. ఆ తర్వాత కాగితం తన వైపు తిప్పుకుని, 4 పక్కన రాసింది ఇంకోసారి చదివాడు.