ప్రూఫర్ వరుస నుంచి చెట్టును తిరిగి కట్టడం: నా అనుభవం

సంఖ్యలున్న శీర్షాలన్నింటినీ చక్రం ఏర్పడకుండా అంచులతో కలిపితే వచ్చే చెట్టును ప్రూఫర్ వరుసగా, అంటే సంఖ్యల జాబితాగా, మార్చడం తేలిక. రెండు శీర్షాలు మిగిలేదాకా ఒకే అంచున్న శీర్షాల్లో, అంటే ఆకుల్లో, అతిచిన్న సంఖ్యున్నదాన్ని తీసేస్తూ దాని పొరుగు సంఖ్యను రాసుకోవాలి. తిరిగి కట్టేటప్పుడే ఇబ్బంది వచ్చింది. 6 శీర్షాలకు 4, 4, 4, 5 ఇస్తే ప్రోగ్రాం రెండు విడి ముక్కలు ఇచ్చింది. వరుసలో లేని 1, 2, 3, 6లనే అది ఆకులనుకుంటోంది. మూడు అంచులయ్యాక 4 కూడా ఆకవుతుందని చూడక, 6ను 5కు కలిపేసింది.

ప్రతి శీర్షం వరుసలో ఎన్నిసార్లు వస్తే ఆ సంఖ్యకు 1 కలిపి దాని డిగ్రీగా, అంటే ఇంకా వేయాల్సిన అంచుల సంఖ్యగా పెట్టి, అంచు వేసినప్పుడల్లా రెండు కొసల్లోనూ ఒకటి తగ్గించాను. డిగ్రీ 1 ఉన్నవాటిలో చిన్నదే తర్వాతి ఆకు; దాన్ని వరుసలోని తర్వాతి సంఖ్యకు కలపాలి. ఇప్పుడు 1-4, 2-4, 3-4, 4-5, చివరికి 5-6 వచ్చాయి.

నాలుగు స్థానాలు, ఒక్కోదానికి ఆరు ఎంపికలు: n శీర్షాల చెట్లు ఎన్నో చెప్పే కేలీ సూత్రం n^(n−2) ఇచ్చే 6^4 = 1296 ఇదే. అన్ని వరుసలనూ చెట్లుగా కట్టి, మళ్ళీ వరుసలుగా మార్చాను; ప్రతిదీ మొదటి రూపానికే వచ్చింది.