దూరాన ఉన్న బంధానికి సెల్టిక్ క్రాస్: అడ్డ కార్డునూ తొమ్మిదో కార్డునూ ఎలా చదవాలి?

పెద వాల్తేరులో మా బాల్కనీ నుంచి చూస్తే, పోర్టులోకి పిలుపు వచ్చేదాకా లంగరు వేసుకుని ఆగిన ఓడలు కనిపిస్తాయి. ఆ సాయంత్రం వచ్చిన అమ్మాయి కూర్చోకముందే వాటి వైపు చూసింది. "ఇలాగే ఎక్కడో ఆగి ఉంటాడు అక్కా. నాలుగు రోజులైంది, మెసేజ్‌కి ఒక్క టిక్కే" అంది. అబ్బాయి మర్చంట్ నేవీలో ఉన్నాడు, ఫిబ్రవరిలో దిగుతాడు. తను ద్వారకానగర్‌లో ఒక బ్యాంకులో క్లర్కు, ఆఫీసర్ పరీక్షకు చదువుతోంది. రెండిళ్లలోనూ ఒప్పుకున్నారు. తను సరే అంది కాబట్టి, ఆ రోజు పరిచిన టారో కార్డులతోనే, పది కార్డులతో వేసే ఈ సెల్టిక్ క్రాస్ పద్ధతి చెబుతాను.

ముందు ప్రశ్న సరిచేసుకోవాలి. తను అడగాలనుకున్నది "వాడు నన్ను నిజంగా పెళ్లి చేసుకుంటాడా?" అని. ఎక్కడో సముద్రం మీదున్న మనిషి మనసులో ఏముందో ఎదురుగా కూర్చున్న మనిషి కలిపిన కార్డుల్లో చూడబోతే, కనిపించేది ఈ మనిషి టెన్షనే. అందుకే ప్రశ్నను తన వైపు తిప్పాం: "ఫిబ్రవరిలోపు ఈ దూరం విషయంలో నేను చూడాల్సింది ఏమిటి?" ఒక గడువు తప్పకుండా పెట్టండి. గడువు లేకపోతే పదో కార్డు ఏ కాలానికి చెందుతుందో తేలదు.

ఇక పరచడం. 78 కార్డులూ కలిపి, ఆమె చేత కట్ చేయించి, పైనుంచి పది తీయాలి. మొదటిది మధ్యలో, ఇప్పటి పరిస్థితి. రెండోది దాని మీద అడ్డంగా, దారికి అడ్డొచ్చేది. మూడు పైన, నాలుగు కింద, అయిదు ఎడమ, ఆరు కుడి: మనసులో పెట్టుకున్న గమ్యం, పునాది, గడిచింది, రాబోయేది. కుడి పక్కన కింద నుంచి పైకి మిగతా నాలుగు: తను, చుట్టూ ఉన్నవాళ్లు, ఆశలూ భయాలూ, చివరికి ఎటు పోతోందో. మూడు, నాలుగు స్థానాల అర్థాలను కొందరు అటూ ఇటూ మారుస్తారు. ఏదైనా ఫరవాలేదు, కానీ కార్డు తీయకముందే నిర్ణయించుకోండి. తీశాక మారిస్తే మనకు కావలసిన అర్థం వైపు జరిగిపోతాం.

అడ్డ కార్డు

మొదటి కార్డు టూ ఆఫ్ కప్స్. ఇద్దరు ఎదురెదురుగా గిన్నెలు పట్టుకుని నిలబడిన బొమ్మ. బంధం ఉంది, గట్టిగానే ఉంది. దాని మీద అడ్డంగా ఎయిట్ ఆఫ్ పెంటకిల్స్ పడింది. బల్ల మీద కూర్చుని ఒక్కో నాణేన్నీ ఉలితో చెక్కుతున్న పనివాడు, ఎక్కడో వెనకాల చిన్నగా ఊరు. ఆ అమ్మాయి ముఖం వెలిగింది. "ఇది మంచిదే కదా అక్కా, కష్టపడితే ఫలితం!"

చాలామంది పొరబడేది ఇక్కడే. అడ్డంగా పడేది చెడ్డ కార్డే కానక్కర్లేదు. మనలో ఎక్కువమంది వాడే రైడర్ డెక్ 1909లో వచ్చింది. బొమ్మలు వేసింది పమేలా కోల్మన్ స్మిత్, వేయించింది ఏ.ఈ. వెయిట్. మంచి కార్డు అడ్డంగా పడితే రెండు రకాలుగా చూడమని వెయిట్ చెప్పాడు: ఆ అడ్డంకి పెద్దది కాకపోవచ్చు, లేదా తనంతట తాను మంచిదైన విషయం ఈ సందర్భంలో మంచి చేయకపోవచ్చు. దూరాన ఉన్న జంటలకు నేను చదివినప్పుడు రెండోదే ఎక్కువగా అతికింది. వాళ్లను విడదీస్తున్నది చాలాసార్లు ఉద్యోగం, చదువు, అప్పు తీర్చడం లాంటి పదిమందీ మెచ్చుకునే పనే. మెచ్చుకునేది కాబట్టే దాన్ని అడ్డంకి అని పైకి అనలేరు.

ఇంకో రెండు జాగ్రత్తలు. ఈ కార్డు అడ్డంగానే ఉంటుంది కాబట్టి తిరగబడిందా లేదా అని చూడకండి, నిలువు అర్థమే తీసుకోండి. క్వీనో నైటో పడితే వెంటనే "ఎవరో మూడో మనిషి" అనేయకండి. అది అత్తగారి మాట కావచ్చు, ఆమెలోనే ఉన్న మొండితనం కావచ్చు. కూర్చున్న మనిషిని అడగండి.

"ఈ ఉలి ఎవరి చేతిలో ఉంది?" అని అడిగాను. "వాడిదే. వాడేగా ఓడెక్కింది" అంది. ఆ జవాబును అక్కడే వదిలి ముందుకెళ్లాను.

తొమ్మిదో కార్డు

దీనికి ఆశలకొకటి, భయాలకొకటి అని రెండు కార్డులు తీసేవాళ్లు ఉన్నారు. నేను తీయను. ఒకే కార్డు ఎందుకంటే, కోరుకున్నదీ భయపడేదీ తరచూ ఒకటే వస్తువు. ఈ స్థానాన్ని జరగబోయేదిగా మాత్రం ఎప్పుడూ చదవకండి. గుండెలో మూడు కత్తులు దిగిన త్రీ ఆఫ్ స్వోర్డ్స్ ఇక్కడ పడితే విడిపోతారని కాదు, విడిపోవడం అనే మాట మనసులో తిరుగుతోందని.

దీన్ని తెరవడానికి నేను ఒక ప్రశ్న వాడతాను. మంచి కార్డు పడితే "ఇది రేపే జరిగితే నీ దగ్గర నుంచి ఏం పోతుంది?" అంటాను. భయపెట్టే కార్డు పడితే "ఇది జరిగితే ఏ బరువు దిగుతుంది?" అంటాను. రెండోదానికి ఏడ్చినవాళ్లు ఉన్నారు. ఎదురుచూపుతో అలసిపోయి, లోపల ఎక్కడో అది ఆగిపోతే బాగుండునని అనుకుంటున్నామని వాళ్లకే అప్పుడు తెలిసింది. అడిగాక తొందరపెట్టకండి. కాసేపు మౌనంగా ఉండనివ్వండి.

ఈ అమ్మాయికి పడింది ఫోర్ ఆఫ్ వాండ్స్. నాలుగు కర్రలకు పూలదండ కట్టిన పందిరి, వెనకాల కోట, చేతులెత్తి వస్తున్న ఇద్దరు. ఎవరు చూసినా పెళ్లి పందిరే అంటారు. "ఇంకేముంది, ఆశే" అంది నవ్వుతూ. నా ప్రశ్న అడిగాను. నవ్వు ఆగింది. దుపట్టా అంచు వేలికి చుట్టుకుంటూ చాలాసేపు బొమ్మనే చూసింది. "పెళ్లయితే ముంబై వచ్చేయమంటున్నాడు. అప్పుడు ఈ పరీక్ష... వాడితో ఇంతవరకూ అనలేదు అక్కా."

రెండింటినీ పక్కపక్కన పెట్టడం

ఇప్పుడు రెండో కార్డుకు తిరిగి రావాలి. తొమ్మిదో కార్డు చదివాక అడ్డ కార్డును మళ్లీ చూడడం ఈ పద్ధతిలో తప్పనిసరి. "ఉలి ఎవరి చేతిలో ఉంది?" అని మళ్లీ అడిగాను. "నాది కూడా" అంది మెల్లగా. దూరం అతని ఓడ వల్ల మాత్రమే ఉందనుకుంది. దూరం ఉన్నన్నాళ్లూ తన చదువు భద్రంగా ఉంటుందన్న సంగతి ఇప్పుడు తట్టింది. అందుకే పందిరి కావాలి, పందిరంటే భయమూ ఉంది.

మీరు ఇలా కలిపి చదివితే సాధారణంగా రెండింటిలో ఒకటి జరుగుతుంది. తొమ్మిదో కార్డు అడ్డ కార్డుకు కారణం చెబుతుంది, ఇక్కడ జరిగినట్టు. లేదా రెండూ ఒకదానికొకటి అసలు అతకవు. అప్పుడు భయం ఒకచోట, అడ్డంకి ఇంకోచోట ఉన్నాయని అర్థం: అతను మోసం చేస్తాడేమోనని భయపడుతూ ఉంటారు, నిజంగా నలుగుతున్నది మాత్రం డబ్బు దగ్గర. అతకనప్పుడు బలవంతంగా అతికించకండి.

మిగతావి త్వరగానే అయిపోయాయి. ఏడో చోట టూ ఆఫ్ స్వోర్డ్స్, కళ్లకు గంతలతో సముద్రానికి వీపు పెట్టి కూర్చున్న ఆడమనిషి. చెప్పకుండా దాచినదానికి సరిగ్గా సరిపోయింది. పదో చోట త్రీ ఆఫ్ వాండ్స్, ఒడ్డున నిలబడి ఓడల్ని చూస్తున్న మనిషి. అంటే రెండో కార్డు ఇలాగే ఉంటే ఫిబ్రవరిలో కూడా ఎదురుచూపే మిగులుతుందని చెప్పాను. అతను ఏమంటాడో ఈ పది కార్డులూ చెప్పవు, అదీ చెప్పాను.

"ఇంకోసారి వేద్దామా?" అని అడిగింది. వద్దన్నాను. అదే ప్రశ్నకు అదే రోజు మళ్లీ పరిస్తే, నచ్చిన కార్డు వచ్చేదాకా పరుస్తూనే ఉంటాం. డైరీలో తేదీ, ప్రశ్న, రెండో కార్డు, తొమ్మిదో కార్డు, వాటి పక్కన తను అన్న మాటలు యథాతథంగా రాయించాను. బాల్కనీలోకి వెళ్లి ఫోన్‌లో వాయిస్ మెసేజ్ పెట్టి వచ్చింది, పరీక్ష గురించి. ఒక్క టిక్కే పడింది. మళ్లీ పరిచేది అతను ఓడ దిగాకే.