వేసవికి ముందు డ్రిప్ లైన్ చివర కప్పు పెట్టి చూడండి

మదనపల్లె వైపు వేసవి టమాటాకు జనవరి, ఫిబ్రవరిలో నారు నాటుతారు. మల్చింగ్ షీటు పరిచాక డ్రిప్ పైపు కింద ఉండిపోతుంది, ఏ మొక్కకు ఎంత నీరు పడుతోందో కంటికి కనపడదు. ఏప్రిల్ ఎండల్లో సాలు చివర మొక్కలు వాడినప్పుడే అనుమానం వస్తుంది. అప్పటికి పూత రాలిపోయి ఉంటుంది. అందుకే చూడాల్సిందేదో షీటు వేయకముందే చూసుకోవాలి.

మా మామయ్య పొలంలో జరిగింది చెబుతాను. 16 ఎం.ఎం. ఇన్‌లైన్ పైపు, 40 సెంటీమీటర్లకో డ్రిప్పర్, గంటకు 4 లీటర్లది. మొదట వేసినప్పుడు ఒక్కో లైను 50 మీటర్లు. తర్వాత పక్కనున్న ముక్క కూడా సాగులోకి తెచ్చి, అవే లైన్లకు జాయినర్లు పెట్టి 90 మీటర్లు చేశాడు. "నీళ్లు చివరిదాకా వస్తున్నాయి కదరా, ఇంకేం కావాలి?" అన్నాడు. నిజమే, చివర కూడా చుక్కలు పడుతున్నాయి. ఎన్ని చుక్కలన్నదే అసలు ప్రశ్న.

డ్రిప్పర్ మీద రాసే 4 లీటర్లు దాదాపు కేజీ ప్రెషర్ దగ్గర లెక్క, అంటే 10 మీటర్ల ఎత్తు నీటి ఒత్తిడి. ప్రెషర్ మారితే నీరూ మారుతుంది. ఎలా మారుతుందో ఈ చిన్న సూత్రం చెబుతుంది:

```
q = k × H^x
```

q డ్రిప్పర్ ఇచ్చే నీరు, H అక్కడున్న ప్రెషర్. k ఆ డ్రిప్పర్ తయారీని బట్టి ఉండే స్థిరాంకం. మామూలు ఇన్‌లైన్ డ్రిప్పర్లకు x సుమారు 0.5, అంటే వర్గమూలం. దీంతో ఒక మంచి, ఒక చెడు. మంచేమిటంటే ప్రెషర్ 20 శాతం తగ్గినా నీరు 10 శాతమే తగ్గుతుంది. చెడేమిటంటే నీరు రెట్టింపు కావాలంటే ప్రెషర్ నాలుగు రెట్లు కావాలి. ఒకే లైనులో మొదటి డ్రిప్పర్‌కీ చివరిదానికీ నీటిలో తేడా 10 శాతం దాటకూడదన్నది డిజైన్ చేసేవాళ్లు పాటించే లెక్క.

ఇప్పుడు పొడవు సంగతి. లైను రెట్టింపు పొడవైతే పోయే ప్రెషర్ కూడా రెట్టింపే అనుకుంటాం. కాదు, డ్రిప్పర్లు అన్నీ తమ నీరు తాము ఇస్తే దాదాపు ఏడు రెట్లవుతుంది. ఎందుకంటే దూరం రెట్టింపైతే డ్రిప్పర్లూ రెట్టింపవుతాయి, పైపు మొదట్లో పారే నీరూ రెట్టింపవుతుంది, ఆ వేగానికి రాపిడి ఇంకా ఎక్కువగా పెరుగుతుంది. 50 మీటర్ల లైనులో 125 డ్రిప్పర్లు, గంటకు 500 లీటర్లు. లోపలి వ్యాసం 13.6 ఎం.ఎం. ఉన్న పైపులో ఆ నీటికి పోయే ప్రెషర్ 0.2 కేజీ లోపే. 90 మీటర్లకు 225 డ్రిప్పర్లు, 900 లీటర్లు. ఆ నీరంతా అంత సన్న పైపు మోయాలంటే దాదాపు కేజీ ప్రెషర్ రాపిడికే పోతుంది. అంత ఉండదు కాబట్టి చివరి డ్రిప్పర్లు తమ వాటా ఇవ్వడం మానేస్తాయి.

దీన్ని పొలంలో కొలవడం తేలిక. కొలతలున్న కప్పులు నాలుగు, సెల్‌ఫోన్‌లో స్టాప్‌వాచ్, ఒక ప్రెషర్ గేజ్ చాలు. డ్రిప్పర్ కింద కాస్త మట్టి తీసి కప్పు పెట్టండి, పైపును పైకెత్తొద్దు. నీరు పైపు వెంట జారిపోయి కప్పులో పడదు, ఇక్కడే చాలామంది కొలత తప్పుతుంది. డ్రిప్పర్‌కు అటూ ఇటూ పైపుకు చిన్న నూలు దారం చుట్టి కట్టి, కొసలు కప్పులోకి వేలాడేయండి. సరిగ్గా ఆరు నిమిషాలు పట్టండి. ఎన్ని మిల్లీలీటర్లు వస్తే దాన్ని వందతో భాగిస్తే గంటకు లీటర్లు వచ్చేస్తాయి, వేరే లెక్క అక్కర్లేదు.

మొదటిసారి చూసినప్పుడు సబ్‌మెయిన్ దగ్గరే గేజ్ 0.7 చూపింది. బోరు ఒకటే, లైన్లు మాత్రం పొడవయ్యాయి, అన్నీ ఒకేసారి తెరిస్తే అంతే మరి. సగం లైన్లు మూసి 1.1 కేజీ తెచ్చాం. "ఇప్పుడు సరిపోయిందిగా" అన్నాడు మామయ్య. కప్పులు పెట్టాం. మొదటి డ్రిప్పర్ దగ్గర 420 మిల్లీలీటర్లు. 22 మీటర్ల దగ్గర 345. సగం దూరంలో 300. చివర 280.

ఈ నాలుగు అంకెల్లో చూడాల్సింది చివరిది కాదు, మూడోది. సగం దూరం వెళ్లేసరికే తగ్గాల్సిందంతా దాదాపు తగ్గిపోయింది. ఎక్కువ నీరు పారేది లైను మొదట్లోనే కాబట్టి ప్రెషర్ కూడా అక్కడే ఖర్చవుతుంది. అంటే వాడేది చివరి పది మొక్కలు కాదు, వెనక సగం సాలంతా మూడో వంతు తక్కువ నీటితో, తక్కువ ఎరువుతో బతుకుతోంది. సాలంతా ఒకేలా బక్కగా ఉంటే మనం దాన్ని నేల బలహీనం అనుకుంటాం.

డ్రిప్పర్లు పూడిపోయి కూడా నీరు తగ్గొచ్చు. రెండిటినీ విడదీయడానికి లైను చివర గేజ్ పెట్టండి. అక్కడ 0.5 కేజీ వచ్చింది. 0.5ను 1.1తో భాగించి వర్గమూలం తీస్తే 0.67, మొదటి డ్రిప్పర్ 420కి అది సుమారు 280. కొలిచిందీ అదే, కాబట్టి పూడిక కాదు, పొడవే దోషి. అదే చోట 180 వచ్చి ఉంటే పూడిక కూడా ఉందన్నమాట. పూడికైతే అంకెలు ఇలా వరసగా దిగవు. పక్కపక్క డ్రిప్పర్లే ఒకటి 400, ఒకటి 150 చూపిస్తాయి. ముందు ఫిల్టర్ కడిగి, నాలుగైదు లైన్ల చొప్పున ఎండ్ క్యాప్‌లు విప్పి తేటనీరు వచ్చేదాకా వదిలి, ఆ తర్వాతే కొలవండి. అన్ని క్యాప్‌లూ ఒకేసారి విప్పితే వేగం చాలక మడ్డి కదలదు.

"ప్రెషర్ పెంచితే పోదా?" అని అందరూ అడుగుతారు. పోదు. ప్రెషర్ పెంచితే మొదటి డ్రిప్పర్ కూడా ఎక్కువ ఇస్తుంది, పైపులో నీరు పెరుగుతుంది, దాంతోపాటు రాపిడీ పెరుగుతుంది. మొదటికీ చివరకీ ఉన్న నిష్పత్తి దాదాపు అలాగే ఉంటుంది. పైగా గ్రోమెట్ల దగ్గర పైపులు ఊడొస్తాయి. గంటలు పెంచినా అంతే, వెనక సగానికి సరిపడేలోగా ముందు సగం బురదవుతుంది.

మేం చేసింది సబ్‌మెయిన్‌ను పొలం మధ్యకు మార్చడం. 90 మీటర్ల లైను రెండువైపులా 45 చొప్పున పడింది. మళ్లీ కొలిస్తే మొదట 420, చివర 390. అయితే ఇప్పుడు ఒక్కో సాలు రెండువైపులా కలిపి 900 లీటర్లకు పైనే తాగుతుంది. గంటకు 10,000 లీటర్ల బోరుకు ఒక విడతలో పదకొండు సాళ్లు మించకూడదు, అందుకని గేట్ వాల్వులు పెట్టి సెక్షన్లుగా విడగొట్టాం. కొత్తగా వేసుకునేవాళ్లయితే 2 లీటర్ల డ్రిప్పర్ తీసుకోవచ్చు, అదే పైపులో 80 మీటర్ల దాకా లాగొచ్చు. ప్రెషర్ మారినా ఒకేలా ఇచ్చే పీసీ డ్రిప్పర్లూ ఉన్నాయి, వాటిలో x సున్నాకు దగ్గర. కాకపోతే వాటికీ లైను చివర కనీస ప్రెషర్ ఉండాలి, అది ఎంతో కొనేముందే కేటలాగ్‌లో చూసుకోండి.

వాలు నేలైతే లైన్లు పల్లం వైపు దిగేలా వేయండి. మీటరు దిగితే 0.1 కేజీ తిరిగొస్తుంది, ఎక్కితే అంతే పోతుంది.

ఏప్రిల్‌లో బోరు నీరు తగ్గినప్పుడు గేజ్ మళ్లీ చూడండి. 1.1 ఉన్నది 0.8కి పడితే, అది మళ్లీ పైకి వచ్చేదాకా విడతలో రెండు మూడు సాళ్లు తగ్గించండి.