ప్రొబేషన్ రివ్యూ ఎటూ తేలడం లేదా? ఎక్కడ చెడుతోంది, ఎలా సరిచేయాలి

ప్రొబేషన్ ముగిసే వారంలో హెచ్‌ఆర్ ఫోన్ చేసి "కన్ఫర్మ్ చేద్దామా?" అని అడుగుతుంది. మేనేజర్ "ఫర్వాలేదండీ, ఇంకో మూడు నెలలు చూద్దాం" అంటాడు. ఈ జవాబును బట్టి ఉద్యోగి పనిమంతుడో కాదో తెలియదు. రివ్యూ పద్ధతి పనిచేయలేదని మాత్రం తెలుస్తుంది. ఏం చూడాలో మొదట్లో రాసుకోకపోతే ఆరు నెలలు చూసినా ఏమీ కనబడదు.

కింద చెప్పేదంతా ఒకే ఉదాహరణ మీద నడుస్తుంది. హైదరాబాద్‌లో మందులు పంపిణీ చేసే ఓ మధ్యస్థాయి కంపెనీ ఉందనుకుందాం. అందులో వెండర్ బిల్లులు చూసే అకౌంట్స్ ఎగ్జిక్యూటివ్‌గా ఒకామె 2025 జనవరి 6న చేరారు. ఆరు నెలల ప్రొబేషన్ జూలై 5తో ముగుస్తుంది.

సమస్య 1: ఫారంలో అన్నిటికీ 5కి 3 వస్తుంది, నిర్ణయం మాత్రం రాదు

కారణం ఫారంలోనే ఉంటుంది. అందులో "చొరవ", "టీమ్ స్ఫూర్తి", "క్రమశిక్షణ", "నేర్చుకునే తత్వం" అని వరుసలు ఉంటాయి. వీటిలో ఎవరికైనా 3 వేయవచ్చు. 2 వేస్తే వివరణ ఇవ్వాలి, 4 వేస్తే రేపు ఇంక్రిమెంట్ అడుగుతారని భయం. అందుకే చేయి మధ్యలోనే ఆగుతుంది.

పరిష్కారం: గుణాలు తీసేసి, ఆ సీటులో జరగాల్సిన పని రాయండి. మూడు, మహా అయితే నాలుగు అంశాలు చాలు. చేరిన మొదటి వారంలోనే అవి ఉద్యోగి చేతికి అందాలి. మన ఉదాహరణలో ఇలా ఉంటాయి:

- వచ్చిన బిల్లును మనం ఇచ్చిన కొనుగోలు ఆర్డర్ అంటే పీఓతో, సరుకు అందినట్టు స్టోర్స్ ఇచ్చే జీఆర్ఎన్‌తో సరిచూసి, రెండు పనిదినాల్లో సిస్టమ్‌లో ఎక్కించాలి. తేడా ఉంటే అదే రోజు పర్చేజ్ వాళ్లకు మెయిల్ వెళ్లాలి.
- చెల్లించేటప్పుడే పన్ను కోసే టీడీఎస్ వర్తించే బిల్లుల్లో నెలకు 50 తీసి చూస్తే తప్పులు రెండుకు మించకూడదు.
- తనకు అప్పగించిన 30 మంది వెండర్ల స్టేట్‌మెంట్లను మన లెడ్జర్‌తో పోల్చే రికన్సిలియేషన్ మరుసటి నెల 5వ తేదీకల్లా పూర్తి కావాలి.

రేటింగ్ అంకెలకు బదులు ప్రతి అంశం ఎదుట మూడే గళ్లు పెట్టండి: చేశారు, చేయలేదు, చేసే అవకాశం రాలేదు. ఈ మూడో గడి చాలా ఫారాల్లో ఉండదు. అది లేనప్పుడు అవకాశం రానివాళ్లు కూడా "చేయలేదు" లెక్కలో పడిపోతారు, లేదా జాలిపడి "చేశారు" అనిపించుకుంటారు. మొదటి నెలను నేర్చుకునే నెలగా వదిలేయాలి. జనవరి అంకెలు రాసుకోండి గానీ నిర్ణయానికి లెక్కపెట్టకండి.

సమస్య 2: హెచ్‌ఆర్ రిమైండర్ ఆఖరి వారంలో వస్తుంది, మేనేజర్ హడావుడిగా టిక్కు పెడతాడు

క్యాలెండర్‌ను ముగింపు తేదీ నుంచి వెనక్కి లెక్కకట్టకపోవడమే దీనికి కారణం. చాలాచోట్ల 30, 60, 90 రోజులని రివ్యూలు పెడతారు. వినడానికి బాగానే ఉంటుంది గానీ పని తిరిగే చక్రంతో అది కలవకపోవచ్చు. అకౌంట్స్‌లో నెల ముగింపు పని 5వ తేదీన తేలుతుంది. రివ్యూ 3న పెడితే చేతిలో పాత నెల అంకెలే ఉంటాయి.

మన ఉదాహరణలో రివ్యూలు ఫిబ్రవరి 10, మార్చి 10, ఏప్రిల్ 10, మే 9న పెట్టాలి. నిర్ణయం జూన్ 9న, అంటే గడువుకు దాదాపు నాలుగు వారాల ముందు. లెటర్ జూన్ 20లోపు చేతికివ్వాలి. ఈ తేదీలన్నీ చేరిన రోజే మేనేజర్, ఉద్యోగి, హెచ్‌ఆర్ ముగ్గురి క్యాలెండర్లలో ఎక్కాలి. సేల్స్ సీటైతే క్వార్టర్‌ను బట్టి, సాఫ్ట్‌వేర్ టీమ్ అయితే రిలీజ్‌ను బట్టి మార్చుకోండి.

గడువు దాటాక ఇచ్చే ఎక్స్‌టెన్షన్ లెటర్ గొడవకు మూలం. పంజాబ్ ప్రభుత్వం, ధరమ్ సింగ్ కేసులో 1968లో సుప్రీంకోర్టు ఒక సంగతి తేల్చింది. ప్రొబేషన్‌కు గరిష్ఠ పరిమితి ఇంత అని నిబంధనల్లో ఉండి, అది దాటాక కూడా ఉద్యోగిని కొనసాగనిస్తే కన్ఫర్మ్ అయినట్టే లెక్క. అది సర్కారీ నిబంధనల మీద వచ్చిన తీర్పు. అయినా ప్రైవేటు కంపెనీ వాళ్లు కూడా ఒకసారి తమ అపాయింట్‌మెంట్ లెటర్ తీసి చదవాలి. "మొత్తం తొమ్మిది నెలలకు మించదు" అని రాసి ఉంటే ఆ మాట మిమ్మల్ని కట్టేస్తుంది.

తెలుగు రాష్ట్రాల్లో ఇంకో గీత ఉంది. 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం 47వ సెక్షన్ ప్రకారం ఆరు నెలలు ఎడతెగకుండా పనిచేసిన వ్యక్తిని తీసేయాలంటే సహేతుకమైన కారణం ఉండాలి, నెల ముందు రాతపూర్వక నోటీసో దానికి బదులు నెల జీతమో ఇవ్వాలి. "ప్రొబేషన్‌లోనే ఉన్నారుగా" అన్న ధీమా ఆరు నెలల తర్వాత పనికిరాదు. ఎక్స్‌టెన్షన్ ఇచ్చే ముందు ఇది మేనేజర్‌కు తెలిసి ఉండాలి.

సమస్య 3: "నాకు ఎవరూ చెప్పలేదు" అని ఉద్యోగి, "ఎన్నిసార్లు చెప్పానో" అని మేనేజర్

చాలాసార్లు ఇద్దరూ నిజమే చెబుతుంటారు. అసలు కారణం మొహమాటం. మేనేజర్ "కాస్త జాగ్రత్తగా చూడమ్మా" అంటాడు, ఆమె "అలాగే సార్" అంటారు. ఆయన లెక్కలో అది హెచ్చరిక. ఆమె లెక్కలో అది మామూలు మాట.

పరిష్కారం అరగంట మీటింగ్, దాని వెంటే అదే రోజు ఐదారు వాక్యాల మెయిల్. మీటింగ్‌కు ముందురోజు ఉద్యోగి మూడు సంగతులు రాసి పంపాలి: ఏం పూర్తయింది, ఎక్కడ ఆగింది, ఏం కావాలి. మీటింగ్‌లో ముందు ఆమే మాట్లాడాలి. మేనేజర్ మొదలుపెడితే మిగతా సమయమంతా తలూపడంతో సరిపోతుంది. మెయిల్‌లో "వివరాల మీద శ్రద్ధ పెరగాలి" లాంటివి వద్దు. ఇలా ఉండాలి:

"ఫిబ్రవరిలో చూసిన 50 బిల్లుల్లో 9 టీడీఎస్ తప్పులు. మన పరిమితి 2. ఎక్కువ తప్పులు కాంట్రాక్టర్లకు వర్తించే 194సీ, వృత్తి నిపుణుల ఫీజులకు వర్తించే 194జే సెక్షన్ల మధ్య తేడా దగ్గర వచ్చాయి. ఏప్రిల్ 10 రివ్యూకి తప్పులు బాగా తగ్గాలి. ఈ నెల వారానికోసారి ఇద్దరం కలిసి పది బిల్లులు చూద్దాం. ఇందులో సరికానిది ఉంటే రెండు రోజుల్లో జవాబివ్వండి."

ఆ చివరి వాక్యం లాంఛనం కాదు. ఈ ఉదాహరణలో జవాబు వచ్చిందనుకోండి. తొమ్మిదిలో ఐదు తప్పులు సిస్టమ్‌లో వెండర్ల వివరాలు ఉండే వెండర్ మాస్టర్‌లో పాతకాలం నుంచి సెక్షన్ తప్పుగా ఉండటం వల్ల వచ్చినవని ఆమె చూపించారు. ప్యాకింగ్ కాంట్రాక్టర్ల మీద 194సీ కింద 1 లేదా 2 శాతం కోయాల్సి ఉండగా, మాస్టర్‌లో 194జే ఉండటంతో సిస్టమ్ 10 శాతం కోసేసింది. అవి ఆమె తప్పులు కావు, మాస్టర్ దిద్దాలి. మిగిలిన నాలుగూ ఆమెవే. రాతలో లేకపోతే ఈ తొమ్మిదీ ఆమె ఖాతాలోనే పడిపోయేవి.

"అర్థమైంది సార్" అన్న మాటను ఒప్పుకోకండి. వెంటనే ఒక బిల్లు ఇచ్చి, ఏ సెక్షనో ఎందుకో ఎదురుగా చెప్పించండి. అర్థమైందో లేదో రెండు నిమిషాల్లో తేలిపోతుంది.

సమస్య 4: ఎక్స్‌టెన్షన్ మీద ఎక్స్‌టెన్షన్

కాదని చెప్పలేక ఎక్స్‌టెన్షన్ ఇస్తారు. అందుకే మూడు నెలల తర్వాత కూడా అదే స్థితి ఉంటుంది. ఒక ప్రశ్న మిగిలి ఉండి, దానికి జవాబు ఫలానా తేదీకి తెలుస్తుందంటేనే ఎక్స్‌టెన్షన్‌కు అర్థం. ఆ ప్రశ్నను మేనేజర్ ఒక్క వాక్యంలో రాయలేకపోతే హెచ్‌ఆర్ ఫైలును వెనక్కి పంపాలి.

జూన్ 9న ఆమె కాగితం చూద్దాం. బిల్లులు ఎక్కించడం: ఫిబ్రవరి నుంచి గడువులోనే ఉంది, "చేశారు". టీడీఎస్: మార్చిలో 6, ఏప్రిల్‌లో 3, మేలో 2 తప్పులు. పరిమితిలోకి వచ్చింది, కాబట్టి "చేశారు". రికన్సిలియేషన్ దగ్గరే చిక్కు. మార్చి వరకు పాత ఉద్యోగి ఆమెకు పది మంది వెండర్లనే అప్పగించారు. మొత్తం 30 మంది చేతికి వచ్చింది ఏప్రిల్ లెక్కలప్పుడే. మే 5కి 18 పూర్తయ్యాయి, జూన్ 5కి 24.

ఇక్కడ కన్ఫర్మ్ చేయడం తొందరపాటు, వద్దనడం అన్యాయం. దొరికినవి రెండే అవకాశాలు, అంకె పైకి వెళ్తోంది. ఆగుతున్నది ఎక్కడని అడిగితే, 1వ తేదీ దాటాక స్టేట్‌మెంట్లు అడగడం మొదలుపెడుతున్నారని తేలింది. 25వ తేదీనే వెండర్లకు ముందస్తు మెయిల్ పెట్టమన్నారు. మిగిలిన ప్రశ్న: 30 మంది రికన్సిలియేషన్ వరుసగా రెండు నెలలు 5వ తేదీకి పూర్తవుతుందా? జవాబు జూలై 5న, ఆగస్టు 5న తెలుస్తుంది. కాబట్టి ఎక్స్‌టెన్షన్ ఆగస్టు 31 వరకు, నిర్ణయం ఆగస్టు 8న. అలవాటుగా ఇచ్చే మూడు నెలలు ఇక్కడ అక్కర్లేదు.

లెటర్‌లో నాలుగు సంగతులు ఉండాలి: ఏ అంశాలు పూర్తయ్యాయి, ఏ ఒక్కటి మిగిలింది, దాని కొలత ఏమిటి, నిర్ణయం ఏ రోజు. పూర్తయినవాటిని మళ్లీ తిరగదోడం అని కూడా రాయండి. లేకపోతే ఆగస్టులో ఎవరో "టీమ్‌లో అంతగా కలవరు" అని కొత్త లోపం తెస్తారు. ఎక్స్‌టెన్షన్ ఒక్కసారే. ఆగస్టు 8న మేనేజర్ ముందు కన్ఫర్మ్, కాదు అన్న రెండు గళ్లే ఉండాలి.

అదే రికన్సిలియేషన్ ఫిబ్రవరి నుంచీ పూర్తిగా ఆమె చేతిలో ఉండి, నాలుగు రివ్యూల్లో రాసి చెప్పి, పక్కన కూర్చుని చూపించాక కూడా 18 దగ్గరే నిలిచిపోయి ఉంటే, జూన్ 9న సమాధానం "కాదు". పొడిగింపు అప్పుడు ఇద్దరి కాలాన్నీ తినేస్తుంది. ఆ లెటర్‌లో పని ఫలితం మాత్రమే ఉండాలి. "నిజాయితీ లేదు", "బాధ్యతారాహిత్యం" లాంటి మాటలు మచ్చ వేసినట్టవుతాయి. అలాంటి ఆరోపణ నిజంగా ఉంటే దానికి విచారణ వేరే దారి, ప్రొబేషన్ రివ్యూలో దాన్ని కలపకూడదు.

సమస్య 5: మధ్యలో సుదీర్ఘ సెలవు వచ్చింది, లెక్క తప్పింది

ఎన్ని రోజుల సెలవో చూసి అన్ని రోజులూ పొడిగించడం మామూలు అలవాటు. అంతకన్నా, ఎన్ని నెల ముగింపులు పోయాయో లెక్కపెట్టండి. 8 నుంచి 24 వరకు జ్వరంతో సెలవు పెడితే రోజులు పోయాయి గానీ రికన్సిలియేషన్ అవకాశం పోలేదు. 29 నుంచి 6 వరకు వారం పోతే ఒక నెల అవకాశమే పోయింది.

ప్రసూతి సెలవు సంగతి వేరు. ప్రసవానికి ముందు 12 నెలల్లో 80 రోజులు పనిచేసి ఉంటే, చట్టప్రకారం ప్రొబేషన్‌లో ఉన్నా హక్కు వస్తుంది. ఆ సెలవులో ఉండగా ఉద్యోగం నుంచి తీసేయడం చెల్లదు. అక్కడ రివ్యూ తేదీలను ఆపి, తిరిగి చేరిన రోజు నుంచి మిగిలిన నెల ముగింపులను లెక్కకట్టి, కొత్త తేదీలను సెలవుకు వెళ్లే ముందే రాసి ఇవ్వండి.