నాన్నగారు డైరెక్టర్‌గా రాజీనామా ఇచ్చే ముందు

ఉదాహరణకు, చెన్నై అంబత్తూరులో మన తెలుగు కుటుంబం నడిపే ఒక ప్రైవేట్ లిమిటెడ్ స్పేర్ పార్ట్స్ కంపెనీ. తండ్రి, కూతురు ఇద్దరే డైరెక్టర్లు. తండ్రి తప్పుకోవాలనుకుంటున్నారు. రాజీనామా లేఖకు ముందు ఇవి చూసుకోండి.

• అన్నిటికన్నా ముందు బ్యాంకు గ్యారంటీ. ఓవర్‌డ్రాఫ్ట్‌కు ఆయన వ్యక్తిగత హామీ ఉంటే, ఇల్లు తనఖాలో ఉంటే, రాజీనామాతో అవేవీ రద్దు కావు. రేపు కూతురు నడిపే కంపెనీ బాకీ తీర్చకపోయినా బ్యాంకు ఆయన్ను అడగగలదు. కూతురి హామీ తీసుకుని ఆయన్ను విడుదల చేస్తున్నట్టు బ్యాంకు రాతపూర్వకంగా ఇచ్చేదాకా ఆగండి. మేనేజర్ నోటిమాట చాలదు.

• ప్రైవేట్ కంపెనీకి కనీసం ఇద్దరు డైరెక్టర్లు ఉండాలి. కాబట్టి ముందు మూడో వ్యక్తిని నియమించండి. రాజీనామా అమల్లోకి వచ్చిన 30 రోజుల్లో, డైరెక్టర్ల మార్పు తెలిపే డీఐఆర్-12 ఫారాన్ని కంపెనీల రిజిస్ట్రార్ వద్ద దాఖలు చేయాలి.

• చెక్కుల సంతకం మార్చడానికి బోర్డు తీర్మానం.

• షేర్లు వేరే సంగతి. పదవి వదిలినా 70 శాతం ఆయన పేరునే ఉంటే, కూతురిని డైరెక్టర్‌గా తొలగించే ఓటు ఆయన చేతిలోనే ఉంటుంది. నామినీగా ఆమె పేరు రాస్తే సరిపోతుందనుకోవద్దు: నామినీ అయినంత మాత్రాన షేర్లకు యజమాని కారని 2023లో సుప్రీంకోర్టు తేల్చింది. ఇప్పుడే ఇవ్వాలంటే ఎస్‌హెచ్-4 బదిలీ పత్రం, తర్వాత ఇవ్వాలంటే వీలునామా. మిగతా పిల్లలకు కూడా ఆ కాగితం ఆయన ఉండగానే చూపించాలి.