ఎవరి వేలు పెట్టినా ఫోన్ తెరుచుకుంటుందా? ముందు గార్డు తీయండి

ఒంగోలు కర్నూలు రోడ్డులో పదకొండేళ్లుగా ఫోన్లు బాగుచేస్తున్నాను. వేలిముద్ర పనిచేయడం లేదంటూ వచ్చేవాళ్లలో ఎక్కువమంది వచ్చీ రావడంతోనే "డిస్‌ప్లే మార్చాలంటే ఎంతవుతుంది?" అని అడుగుతారు. స్క్రీన్ మీదున్న గార్డు తీసి ఒకసారి చూశారా అంటే, చూసినవాళ్లు పదిమందిలో ఒకరు కూడా ఉండరు. కాబట్టి ఈ కింద ఏది చదివినా సరే, ముందు గార్డు తీసి, అద్దం తుడిచి, చెయ్యి కడిగి ఆరబెట్టుకుని ఒకసారి వేలు పెట్టి చూడండి.

ఇంకో సంగతి. ఫోన్ ఆఫ్ చేసి ఆన్ చేస్తే మొదటిసారి పిన్ అడుగుతుంది. ఆండ్రాయిడ్‌లో పిన్ కొట్టి 72 గంటలు దాటినా అడుగుతుంది. అది రిపేరు కాదు, ఫోన్ అలాగే చేయాలి.

సమస్య: గార్డు వేయించినప్పటి నుంచి వేలిముద్ర తీసుకోవడం లేదు

ముందు మీ ఫోన్‌లో సెన్సార్ ఏ రకమో తెలుసుకోండి. పక్క బటన్ మీదో, వెనకో ఉంటే దానికి గార్డుతో సంబంధమే లేదు. స్క్రీన్ లోపలే ఉంటే, వేలు పెట్టగానే వేలి కింద గట్టిగా వెలుగు వస్తుందేమో చూడండి. వెలుగు వస్తే అది చూపుతో పనిచేసే సెన్సార్. స్క్రీన్ ఆ వెలుగును వేలి మీద పడేస్తే, కింద ఉన్న చిన్న కెమెరా ఫొటో తీస్తుంది. వెలుగు రాకపోతే చాలావరకు అది శబ్దంతో పనిచేసే అల్ట్రాసోనిక్ సెన్సార్. మన చెవికి వినపడని శబ్దాన్ని పైకి పంపి, వేలి గీతల నుంచి తిరిగొచ్చిన దాన్ని బట్టి ముద్ర గీసుకుంటుంది.

రెండింటికీ గిట్టనిది గార్డుకీ అద్దానికీ మధ్య చిక్కిన గాలి. అంచులకే జిగురుండి మధ్యలో ఖాళీగా ఉండే టెంపర్డ్ గ్లాస్ వేస్తే, అల్ట్రాసోనిక్ సెన్సార్ పంపిన శబ్దం ఆ గాలి పొర దగ్గరే వెనక్కి తిరిగిపోతుంది, వేలి దాకా పోదు. అలాంటి ఫోన్లకు అద్దమంతా జిగురు పట్టే యూవీ గ్లాసో, పల్చటి ఫిల్మో వేయించండి. సెట్టింగ్స్‌లో `Touch sensitivity` ఉంటే ఆన్ చేయండి, కొంత మెరుగవుతుంది. అంతకుమించి ఇందులో ఏమీ లేదు.

సమస్య: ఎవరి వేలు పెట్టినా తెరుచుకుంటోంది

దీని గురించి మాత్రం వివరంగా చెప్పాలి. ఎందుకంటే ఇది సమస్య అని చాలామందికి తెలియనే తెలియదు. వేలు పెట్టగానే టక్కున తెరుచుకుంటుంటే సెన్సార్ బ్రహ్మాండంగా ఉందనుకుంటారు.

పోయిన సీజన్‌లో టంగుటూరు నుంచి ఒక పొగాకు రైతు వచ్చాడు. ఫోన్ సెకండ్ హ్యాండ్‌లో కొన్నది, స్క్రీన్ లోపలే సెన్సార్. "అబ్బయ్యా, మా మనవడు పొద్దస్తమానం దీంట్లోనే ఉంటా ఉండాడు. నేను పిన్ చెప్పలా, వాడి వేలూ ఎక్కించలా. ఎట్టా తీస్తా ఉండాడో అర్థం కాలా" అన్నాడు. లాక్ చేసి నా కుడి చూపుడు వేలు పెట్టాను. తెరుచుకుంది. ఎడమ చిటికెన వేలు పెట్టినా తెరుచుకుంది. పక్క టీ కొట్టు అబ్బాయిని పిలిచి వేలు పెట్టమంటే వాడికీ తెరుచుకుంది.

ఇది పొరపాటున ఒకసారి జరిగేది కాదు. ఆండ్రాయిడ్‌లో వేలిముద్ర సెన్సార్ బలమైన రకంగా లెక్కలోకి రావాలంటే, పరాయి వేలిని ఒప్పుకునే అవకాశం 50,000లో ఒకటికి మించకూడదు. వరసగా మూడు పరాయి వేళ్లు తెరిచాయంటే ఫోన్ వేలిని చూడడమే లేదు, ఇంకేదో చూస్తోంది.

ఆ ఫోన్‌కి ముందూ వెనకా కప్పే మెత్తటి జెల్ కవర్ ఉంది. ముందు పొర తీసి ట్యూబ్‌లైట్ వైపు పట్టుకుంటే లోపలి వైపు సన్నటి చుక్కలు వరసలుగా కనిపించాయి. జెల్ అద్దానికి అతుక్కుని నీటి మరకల్లా కనిపించకుండా అలా చేస్తారు. కవర్ తీశాక నా వేలు పెడితే తెరుచుకోలేదు. ఆయన వేలు పెడితే, ఆయనకీ తెరుచుకోలేదు. అసలు యజమాని వేలే పనిచేయలేదంటే జబ్బు ఎక్కడుందో తెలిసిపోయినట్టే. మళ్లీ ఆ జెల్ పొరను సెన్సార్ మీద పరిచి నా వేలితో నొక్కాను. తెరుచుకుంది. ఫోన్ దాచుకున్నది ఆయన వేలిని కాదు, ఆ చుక్కల్ని.

ఇది ఎలా జరుగుతుందంటే, వేలిముద్ర ఎక్కించేటప్పుడు ఫోన్ మన వేలిని ముక్కలు ముక్కలుగా చాలాసార్లు చూస్తుంది. అందుకే వేలు తీసి మళ్లీ పెట్టమని, పక్కకి జరపమని అడుగుతుంది. ఆ ముక్కల్లోని గీతల గుర్తుల్ని ఫోన్ లోపల విడిగా ఉండే భద్రమైన చోట దాచుకుంటుంది. తర్వాత వేలు పెట్టినప్పుడు ఆ గుర్తుల్లో తగినన్ని కలిస్తే చాలు, తెరుస్తుంది. కవర్ ఉండగానే ఎక్కించారనుకోండి. వేలు ఎటు జరిపినా వేలి గీతలు మారతాయి గానీ, జెల్ చుక్కలు ఉన్నచోటే ఉంటాయి. ప్రతి ముక్కలోనూ అవే గట్టిగా పడతాయి. ఆ తర్వాత ఎవరు నొక్కినా ఆ చుక్కలు అద్దానికి ఆనుకుంటాయి, గుర్తులు కలిసిపోతాయి.

2019 అక్టోబర్‌లో గెలాక్సీ ఎస్10 ఫోన్లలో సరిగ్గా ఇదే బయటపడింది. కొన్ని సిలికాన్ కవర్ల మీది నమూనాను సెన్సార్ వేలిముద్రగా తీసుకుంటోందని శాంసంగ్ ఒప్పుకుని, అదే నెలలో అప్‌డేట్ ఇచ్చింది. అప్‌డేట్ వచ్చేదాకా కవర్లు తీసేయమని, అప్‌డేట్ అయ్యాక పాత ముద్రలన్నీ చెరిపి కొత్తగా ఎక్కించమని చెప్పింది. నేను పైన చెప్పిన ఫోన్‌కి కొన్నప్పటి నుంచి ఒక్క అప్‌డేట్ కూడా చేయలేదు.

చాలా ఏళ్ల కిందట నేనే ఒక ఫోన్‌కి ఇలా జెల్ కవర్ వేసి, దాని మీదే వేలు ఎక్కించి పంపాను. వారానికి ఆ ఫోన్ యజమాని తిరిగొచ్చి ఎవరి వేలైనా పడుతోందంటే సెన్సార్ పోయిందనుకుని డిస్‌ప్లే విప్పాను. రెండు గంటలు వృథా అయ్యాయి, ఆయన ఫోన్ నీళ్లు ఆపే జిగురూ పోయింది. ఆ రోజు నుంచి పరాయి వేలితో పరీక్షించకుండా ఏ ఫోన్ నా కొట్టు దాటదు.

బాగుచేసే వరస ఇది. కవర్, గార్డు మొత్తం తీయండి. సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఎక్కించిన వేలిముద్రలన్నీ చెరిపేయండి. అందరూ వదిలేసేది ఇక్కడే. పాతది చెరపకుండా కొత్తది ఎక్కిస్తే చుక్కల ముద్ర లోపల అలాగే ఉంటుంది, ఆ కవర్ మళ్లీ వేసిన రోజున మళ్లీ అందరికీ తెరుచుకుంటుంది. తర్వాత పెండింగ్ అప్‌డేట్లు అన్నీ వేసి, అద్దం మెత్తటి గుడ్డతో తుడిచి, ఉత్త అద్దం మీద వేలు ఎక్కించండి. వేలి కొన, రెండు పక్కలు, మధ్య భాగం అన్నీ పడాలి.

ఇక పరీక్ష. ఎక్కించని వేళ్లు నాలుగు పెట్టి చూడండి, అందులో రెండు ఇంకో మనిషివి అయితే మంచిది. నాలుగే ఎందుకంటే, ఐదోసారి తప్పితే ఆండ్రాయిడ్ 30 సెకన్లు వేలిముద్రను ఆపేస్తుంది. అన్నీ తప్పాయంటే మీ వేలితో తెరిచి, అప్పుడు గార్డు వేసి, మళ్లీ ఇవే నాలుగు వేళ్లు పెట్టండి. గార్డు మీద మీ వేలు పడకపోతే ఆ గార్డు మార్చండి. పడడం లేదు కదా అని దాని మీదే మళ్లీ ఎక్కించకండి. ఫోన్ తయారీదారు చెప్పిన ఫిల్మ్ వేసి, దాని మీద ఎక్కించక తప్పకపోతే, పరాయి వేళ్ల పరీక్ష మాత్రం మానకండి.

యూపీఐ పిన్ వేరే ఉంది కదా అని ఆ రైతు కొంత ధైర్యంగా ఉన్నాడు. కానీ ఆయన బ్యాంకు యాప్ లాగిన్ కూడా వేలిముద్రతోనే పెట్టుకున్నాడు. మనవడి వేలితో ఖాతా నిల్వ, ఆకు అమ్మిన డబ్బులు పడిన వివరాలు అన్నీ తెరుచుకున్నాయి. అది చూపించాక గానీ కవర్ పారేయడానికి ఒప్పుకోలేదు.

సమస్య: పని రోజుల్లో పడదు, సెలవు రోజున పడుతుంది

చీమకుర్తి గ్రానైట్ పాలిషింగ్ చేసేవాళ్లకి వేలి గీతలు అరిగిపోతాయి. పచ్చాకు ముట్టుకునేవాళ్లకి నల్లటి బంక పట్టి గీతల మధ్య పూడిపోతుంది. రొయ్యల ఐసులో చెయ్యి నానితే తోలు ముడతలు పడుతుంది. సెన్సార్ చూసేది గీతకీ సందుకీ ఉన్న తేడాని. ఆ తేడా లేకపోతే అది చేయగలిగింది లేదు. తక్కువ పనిచేసే వేలు, అంటే ఎడమ ఉంగరం వేలు ఎక్కించండి. అదే వేలిని రెండు పేర్లతో రెండుసార్లు, ఒకసారి పని మధ్యలో, ఒకసారి చేతులు కడిగాక ఎక్కిస్తే తేడా మీకే తెలుస్తుంది.

సమస్య: ముఖంతో ఫోన్ తెరుచుకుంటుంది, బ్యాంకు యాప్ మాత్రం తెరుచుకోదు

చెడిపోయింది ఏమీ లేదు. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో ముఖాన్ని చూసేది మామూలు సెల్ఫీ కెమెరా. దానికి లోతు తెలియదు, కాబట్టి దాన్ని బలహీన రకంగా లెక్కగట్టి బ్యాంకు యాప్‌లకు ఇవ్వరు. మీది మోసపోతుందో లేదో తెలుసుకోవాలంటే, మీ ముఖం ఫొటోను ఇంకో ఫోన్‌లో నిండు వెలుగుతో పెట్టి చూపించండి. తెరుచుకుంటే ముఖం చెరిపేసి వేలిముద్రతో సరిపెట్టుకోండి. కళ్లు తెరిచి ఉంటేనే తెరవాలనే ఆప్షన్ ఉంటే ఆన్ చేయండి, లేకపోతే మీరు నిద్రపోతున్నప్పుడు ఫోన్ మీ ముఖానికి పెట్టి తెరవచ్చు.

ఐఫోన్ ఫేస్ ఐడీ వేరు. 30,000కు పైగా కంటికి కనపడని చుక్కల్ని ముఖం మీద వేసి లోతు కొలుస్తుంది, ఫొటోకి తెరుచుకోదు. కవలలు, బాగా పోలికలున్న అన్నదమ్ములు, 13 ఏళ్లలోపు పిల్లల విషయంలో మాత్రం పొరబడే అవకాశం ఎక్కువని ఆపిల్ సంస్థే చెబుతుంది.

ఇవేవీ కాకపోతే

డిస్‌ప్లే మార్పించాక పోయిందా? సెన్సార్‌ను కొత్త డిస్‌ప్లేకి సరిచేయలేదు, లేదా వేసింది దానికి కుదిరే డిస్‌ప్లే కాదు. మార్చినవాళ్ల దగ్గరకే తీసుకెళ్లండి. సెట్టింగ్స్‌లో వేలిముద్ర అనే మాటే కనిపించకపోతే లోపలి స్ట్రిప్ ఊడి ఉంటుంది. నీళ్లలో పడిన ఫోన్ అయితే ముందు డేటా కాపీ చేసుకోండి, సెన్సార్ సంగతి తర్వాత చూద్దాం.