అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో కంప్లైంట్లు కొట్టుకుపోకుండా చూడటం ఎలా?

విజయనగరంలో సిరిమానోత్సవం రోజు ఏ అపార్ట్‌మెంట్ గ్రూపు తెరిచినా పైడితల్లి అమ్మవారి ఫొటోలు, శుభాకాంక్షలే ఉంటాయి. వాటి మధ్యలో 302 వాళ్లు "బాత్రూం పైనుంచి నీళ్లు కారుతున్నాయి" అని పెట్టారనుకోండి, సాయంత్రానికి అది ఎక్కడో పైకి వెళ్లిపోతుంది, సెక్రటరీ చూడనే చూడరు.

గ్రీటింగ్స్ మానేయమని రూలు పెట్టకండి. పెద్దవాళ్లు నొచ్చుకుంటారు, పైగా ఆ రూలు వారం కూడా నిలవదు. పాత గ్రూపును కబుర్లకే వదిలేసి, కంప్లైంట్లకు వేరే గ్రూపు తెరవండి. ఫ్లాటుకు ఒకరిద్దరు, సెక్రటరీ, వాచ్‌మన్ ఉంటే చాలు. కబుర్ల గ్రూపును ఎవరైనా మ్యూట్ చేసుకోవచ్చు, దీన్ని మాత్రం చేయొద్దని మొదటిరోజే చెప్పండి. చాలామంది అడ్మిన్లు తాము మాత్రమే రాసేలా సెట్టింగ్ మార్చేస్తారు, అది నోటీసులకు బాగుంటుంది గానీ ఇక్కడ పెడితే అసలు కంప్లైంటే రాదు.

తర్వాత రాసే పద్ధతి. ముందు ఫ్లాట్ నంబరు, తర్వాత ఎక్కడ, ఏమైంది, ఎప్పట్నుంచి, కుదిరితే ఒక ఫొటో. ఇలా: "302, కామన్ బాత్రూం సీలింగ్, నీళ్లు కారుతున్నాయి, నిన్న రాత్రి నుంచి." వాయిస్ మెసేజ్ వద్దనండి, తర్వాత వెతికితే దొరకదు. లీకేజీని ఒక్కొక్కరు ఒక్కోలా రాస్తారు, ఫ్లాట్ నంబరు మాత్రం అందరూ ఒకేలా రాస్తారు కాబట్టి సెర్చ్‌లో 302 కొడితే ఆ ఫ్లాటు సంగతులన్నీ వస్తాయి.

సెక్రటరీ ఆ మెసేజ్‌కే రిప్లై ఇవ్వాలి, విడిగా "సరేనండి" అంటే ఎవరికో తెలియదు. "402 బాత్రూంలో టైల్స్ సందులు చూడాలి, రేపు పదింటికి ప్లంబర్ వస్తాడు" అన్నట్టు ఎవరు, ఎప్పుడు అన్నది ఉండాలి. పనయ్యాక "అయింది" అనాల్సింది సెక్రటరీ కాదు, 302 వాళ్లే. ఒకటి రెండు రోజులు పైవాళ్లు స్నానం చేశాక కూడా తడి రాకపోతేనే అది అయినట్టు.

ఆదివారం సాయంత్రం మిగిలిపోయిన పనుల లిస్టు పెట్టి, ఏడు రోజులకు పిన్ చేయండి. వాట్సాప్‌లో పంపిన మెసేజ్‌ను 15 నిమిషాల తర్వాత దిద్దలేం, అందుకే పాత లిస్టును సవరించాలని చూడకుండా, దాని పిన్ తీసి కొత్తది పెట్టడమే మేలు.

ఇక్కడా గుడ్‌మార్నింగులు మొదలవుతాయి. అందరి ముందూ మందలించకుండా విడిగా "మాష్టారూ, మీ శుభోదయం పాత గ్రూపులో రోజూ చూస్తున్నామండి, ఇక్కడ కంప్లైంట్లే ఉంచుదాం" అని రాసి, అడ్మిన్‌గా ఆ మెసేజ్ డిలీట్ చేయండి. కంప్లైంట్ల కింద వచ్చే దండాలకూ ఇదే పద్ధతి, థాంక్స్ చెప్పాలంటే రియాక్షన్ సరిపోతుంది.

లిఫ్టులో ఎవరైనా ఇరుక్కున్నా, మీటర్ బోర్డు దగ్గర కాలిన వాసన వచ్చినా గ్రూపులో రాస్తూ కూర్చోకండి, వెంటనే ఫోన్ చేయండి. వాచ్‌మన్, సెక్రటరీ, లిఫ్ట్ మెకానిక్, ఎలక్ట్రీషియన్ నంబర్లు గ్రూప్ డిస్క్రిప్షన్‌లో పెట్టి ఉంచండి.